ఎన్ని విజిల్స్? పెసరపప్పు నుంచి కాబూలీ శనగల దాకా, నానబెడితే ఒక లెక్క, నానబెట్టకపోతే మరో లెక్క

కందిపప్పుకి ఎన్ని విజిల్స్ రానివ్వాలని అడిగితే మా అక్క మూడంటుంది, మా అత్తగారు ఐదంటారు. ఇద్దరి పప్పూ చక్కగా మెత్తగానే ఉంటుంది. కొత్తగా వంట మొదలుపెట్టిన రోజుల్లో నేను మధ్యేమార్గంగా నాలుగు పెట్టాను, పప్పు పలుకుగానే మిగిలింది. తప్పు వాళ్ల లెక్కలో లేదు. అక్క మంట మధ్యలో పెట్టి వండుతుంది, అత్తగారు కూడా ఇంచుమించు అంతే, కాకపోతే ఆవిడ కుక్కర్ చిన్నది. నేను మాత్రం మంట పూర్తిగా పెంచి, నాలుగు విజిల్స్‌నీ నాలుగైదు నిమిషాల్లో పిలిపించేశాను.

ఇది అర్థం కావాలంటే విజిల్ ఎందుకొస్తుందో ముందు చూడాలి. కుక్కర్ లోపల ఆవిరి పెరిగి, మూత మీది వెయిట్‌ని పైకి నెట్టగలిగినంత ఒత్తిడి రాగానే ఆ వెయిట్ లేచి కొంత ఆవిరిని వదిలేస్తుంది. మన ఇళ్లలో ఉండే విజిల్ కుక్కర్లలో చాలావాటికి ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు 1 కిలో. ఆ స్థితిలో లోపలి నీళ్లు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. మామూలు గిన్నెలో ఎంత మరిగించినా 100 దాటని నీళ్లు ఇక్కడ అంత వేడెక్కుతాయి కాబట్టే పప్పు త్వరగా ఉడుకుతుంది. అంటే పప్పుని మెత్తబరిచేది ఆ 120 డిగ్రీల వేడిలో అది గడిపిన సమయం. విజిల్ అనేది ఎక్కువైన ఆవిరి బయటికి పోతున్న చప్పుడు మాత్రమే. మంట పెద్దదైతే ఎక్కువైన ఆవిరి కూడా ఎక్కువ, విజిల్స్ వెంటవెంటనే వస్తాయి, కానీ లోపలి వేడి మాత్రం అంతకు మించి పెరగదు.

నా 3 లీటర్ల కుక్కర్‌లో పెద్ద మంట మీద మొదటి విజిల్ తర్వాత నిమిషానికి ఒకటి చొప్పున వస్తాయి. సిమ్‌లో పెడితే ఐదు నిమిషాలకి ఒకటి వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. కాబట్టి "ఐదు విజిల్స్" అంటే నా వంటింట్లోనే ఐదు నిమిషాలు కావచ్చు, పాతిక నిమిషాలూ కావచ్చు. మీ కుక్కర్ లెక్క తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఈసారి పప్పు పెట్టినప్పుడు మొదటి విజిల్ రాగానే గడియారం చూసి, మీరు రోజూ పెట్టే మంట మీద తర్వాతి మూడు విజిల్స్‌కి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆ ఒక్క సంఖ్య తెలిస్తే ఎవరు చెప్పిన విజిల్ లెక్కనైనా మీ ఇంటికి మార్చుకోవచ్చు. కింద నేను చెప్పే విజిల్స్ అన్నీ మధ్యస్థమైన మంట మీద, రెండు నిమిషాలకి ఒకటి చొప్పున వచ్చేవి. మొదటి విజిల్ కూడా లెక్కలోదే. చివర్లో స్టవ్ ఆపి, ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగడం కూడా ఇందులో భాగమే. ఆ పది పదిహేను నిమిషాల్లోనూ పప్పు ఉడుకుతూనే ఉంటుంది. తొందరపడి వెయిట్ ఎత్తేస్తే ఆ ఉడుకు పోతుంది, పైగా పప్పు నురగతో సహా చిమ్ముతుంది.

విజిల్స్ లెక్కపెట్టాలా, మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి నిమిషాలు చూడాలా? నేను రెండూ వాడతాను, కానీ ఒకే దానికి కాదు. పొట్టు తీసిన పప్పులకి విజిల్స్ చాలు. ఒకటి అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు, ఎలాగూ పప్పుగుత్తితో మెదిపేవే. పొట్టుతో ఉన్న పెద్ద గింజలకి మాత్రం నిమిషాలే నమ్ముతాను. పది పన్నెండు విజిల్స్ పెద్ద మంట మీద రానిస్తే ఒక్కో విజిల్‌తో కొంత నీరు ఆవిరై పోతుంది. శనగలు ఉడికేలోపు నీళ్లు ఇంకిపోయి అడుగంటే ప్రమాదం ఉంది. సిమ్‌లో అయితే నీళ్లు అలాగే ఉంటాయి, గ్యాస్ కూడా కలిసొస్తుంది.

ఇక పప్పుల సంగతి. ఏది ఎంతసేపన్నది గుర్తుపెట్టుకోవడానికి పెద్ద పట్టిక అక్కర్లేదు. గింజకి పొట్టు ఉందా, బద్ద ఎంత మందంగా ఉంది, చివరికి మెదపాలా లేక గింజ గింజగా ఉండాలా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది. పొట్టనేది నీటిని అడ్డుకునే గోడ. అది తీసేసి గింజని రెండు బద్దలు చేశాక నీళ్లు నేరుగా లోపలికి పోతాయి.

అన్నిటికన్నా మెత్తనిది పొట్టు తీసిన పెసరపప్పు. కప్పు పప్పుకి మూడు కప్పుల నీళ్లు పోస్తే రెండు విజిల్స్‌కి మెత్తగా విరిగిపోతుంది. దీన్ని నానబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. నానిన పెసరపప్పు ఒక విజిల్‌కే గంజిలా అయిపోతుంది, బద్దలు కనిపించాలనుకునే వంటకి అస్సలు పనికిరాదు. అలా విడివిడిగా కావాలంటే కుక్కర్ మానేసి, అరగంట నానబెట్టి మూత లేని గిన్నెలో ఉడికించడమే మంచిది. దోరగా వేయించిన పెసరపప్పు కొంచెం గట్టిపడుతుంది కాబట్టి దానికి మూడు విజిల్స్ వరకు ఇవ్వచ్చు. ఎర్రపప్పు, అంటే మైసూరు పప్పు, దీనితో సమానం. రెండు విజిల్స్ దాటితే పప్పు, నీళ్లు ఏకమైపోతాయి.

కందిపప్పు దగ్గరికి వస్తే నానడం వల్ల తేడా కనిపిస్తుంది, కానీ చాలామంది అనుకునేంత కాదు. నానబెట్టకుండా కప్పుకి మూడు కప్పుల నీళ్లతో నాలుగు విజిల్స్. అరగంట నానితే మూడు. అంటే మిగిలేది రెండు నిమిషాలు. అయినా నేను కందిపప్పుని వీలైనప్పుడల్లా నానబెడతాను. కారణం సమయం కాదు, సమానంగా ఉడకడం. ఒకే ప్యాకెట్‌లో కొన్ని బద్దలు పెద్దవి, కొన్ని చిన్నవి ఉంటాయి. నానకుండా వండితే చిన్నవి కరిగిపోయి పెద్దవి మధ్యలో పలుకుగా మిగులుతాయి, గుత్తితో ఎంత మెదిపినా పంటికి తగులుతూనే ఉంటాయి. అరగంట నీళ్లలో ఉంటే ఆ తేడా చాలావరకు పోతుంది. ఉదయం హడావిడిలో అరగంట దొరక్కపోతే టెన్షన్ పడక్కర్లేదు. వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచినా ఇంచుమించు అదే ఫలితం.

శనగపప్పుకి మాత్రం ఎంపిక నిజంగా ముఖ్యం. ఎందుకంటే దీన్ని రెండు వేర్వేరు పనులకి వాడతాం. పూర్ణంలాగా రుబ్బడానికో, మెదిపి పప్పు చేయడానికో అయితే నానబెట్టకుండా ఆరు విజిల్స్, గంటసేపు నానబెడితే నాలుగు. కూరలో బద్ద బద్దగా కనిపించాలంటే తప్పకుండా నానబెట్టాలి. నానని శనగపప్పుని కూరకని తక్కువ విజిల్స్‌కి దించితే పైపొర మెత్తబడి మధ్యలో సున్నపు ముక్కలా తెల్లగా ఉంటుంది. అది పోవాలని ఇంకో విజిల్ రానిస్తే పైపొర చెదిరి కూరంతా జిగురవుతుంది. గంట నుంచి రెండు గంటలు నానిన పప్పులో లోపల, బయట తడి ఒకేలా ఉంటుంది. దానికి ఒకే ఒక్క విజిల్ చాలు, పప్పు మునిగి ఒక వేలు ఎత్తు నీళ్లు ఉంటే చాలు. బద్ద వేలితో నొక్కితే చిదుగుతుంది, నొక్కకపోతే నిలబడుతుంది.

పొట్టుతో ఉన్న గింజల్లో పెసలు సులువైనవి. నానకుండా ఐదారు విజిల్స్, ఐదారు గంటలు నానితే రెండు. అలసందలు కూడా పెద్దగా మొండికేయవు. నానినవి మూడు విజిల్స్‌లో, నానబెట్టనివి ఏడెనిమిదిలో అయిపోతాయి. ఈ రెండిటినీ నానబెట్టడం మర్చిపోయినా వంట ఆగదు. తొక్కలు కొన్ని ఊడి నీళ్లలో తేలతాయి, అంతే.

శనగలకి వచ్చేసరికి ఆ సౌలభ్యం ఉండదు. ఒకసారి కాబూలీ శనగల్ని నానబెట్టినవీ, నానబెట్టనివీ ఒకే రోజు వండి చూశాను. ఒకే ప్యాకెట్ నుంచి 200 గ్రాముల చొప్పున రెండు భాగాలు తీసుకున్నాను. ఒక భాగాన్ని రాత్రి పది గంటలకి ఒక లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు కలిపి నానబెట్టాను. ఉదయం ఏడింటికి నీళ్లు వంచి తూస్తే 400 గ్రాములకి కాస్త ఎక్కువే ఉన్నాయి. కాబూలీ శనగలు బాగా నానితే దాదాపు తమ బరువంత నీరు తాగుతాయి. వాటిని కడిగి, అంగుళం ఎత్తు నీళ్లు పోసి, మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి 15 నిమిషాలు ఉంచాను. ఆవిరి పోయాక మూత తీస్తే గింజలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. నాలుకకీ అంగిలికీ మధ్య నొక్కితే నలిగాయి, తొక్క ఊడలేదు.

రెండో భాగాన్ని నేరుగా నాలుగు కప్పుల నీళ్లతో పెట్టి అదే 15 నిమిషాలు ఉంచాను. మూత తీస్తే గింజ పైకి ఉబ్బి బాగానే కనిపించింది, కొరికితే మధ్యలో వేరుశనగ గింజలా కరకరలాడింది. మళ్లీ మూత పెట్టి ఇంకో 25 నిమిషాలు సిమ్‌లో ఉంచితే అప్పటికి మెత్తబడ్డాయి. కానీ చాలా గింజల తొక్క పగిలింది, కొన్ని పూర్తిగా చిదికిపోయాయి, ఒకటి రెండు ఇంకా గట్టిగానే ఉన్నాయి. నీళ్లు చిక్కగా, జిగటగా తయారయ్యాయి. గ్రేవీలో వేసే పనైతే ఆ చిక్కదనం పనికొస్తుంది. గుగ్గిళ్లకి మాత్రం పనికిరావు. అంటే 15 నిమిషాలకీ 40 నిమిషాలకీ ఉన్న తేడా ఒక్కటే కాదు, గింజ రూపంలోనే తేడా వస్తుంది.

చిన్నగా, గోధుమ రంగులో ఉండే నల్ల శనగలు ఇంకాస్త మొండివి. వాటి తొక్క మందం. రాత్రంతా నానినా మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. విజిల్స్ లెక్కలోనే చెప్పాలంటే మధ్యస్థ మంట మీద కాబూలీకి ఏడెనిమిది, నల్ల శనగలకి పది పన్నెండు. నానని నల్ల శనగల్ని కుక్కర్‌లో పెట్టడం నేనైతే మానేశాను. గ్యాస్ ఖర్చుకి తగ్గ ఫలితం ఉండదు.

నానిందో లేదో గంటలు చూసి చెప్పలేం. వేసవిలో ఆరు గంటలకే నానిపోయే గింజ చలికాలంలో పది గంటలు తీసుకుంటుంది. గింజనే చూడాలి. నీళ్లు ముందు తొక్కలోకి చేరతాయి, అందుకే మొదటి రెండు మూడు గంటల్లో తొక్క సాగి ముడతలు పడుతుంది. లోపలి పప్పు నీళ్లు తాగి ఉబ్బాక ఆ ముడతలు పోయి గింజ నున్నగా అవుతుంది. ముడతలు ఇంకా ఉంటే సగమే నానినట్టు. ఇంకా నమ్మకంగా తెలియాలంటే ఒక గింజని చాకుతో రెండుగా కోయండి. మధ్యలో రంగు వేరుగా, పొడిగా కనిపిస్తే ఇంకా ఆగాలి. ఎక్కువ నానబెట్టినా ఇబ్బందే. వేడి రోజుల్లో బయట 12 గంటలు దాటితే నీళ్ల మీద నురగ లేచి పులిసిన వాసన వస్తుంది. అంతసేపు ఉంచాల్సి వస్తే ఫ్రిజ్‌లో పెట్టాలి.

నానబెట్టే నీళ్లలో ఉప్పు వేస్తే గింజలు గట్టిపడతాయని పెద్దవాళ్లు అంటుంటారు. నా అనుభవం దానికి విరుద్ధంగా ఉంది, దానికి కారణం కూడా ఉంది. గింజ తొక్కలోని కణాలని పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. కాల్షియం, మెగ్నీషియం దాన్ని బిగించి ఉంచుతాయి. ఉప్పులోని సోడియం వాటి స్థానంలోకి కొంత చేరి ఆ బిగువుని సడలిస్తుంది. అందుకే ఉప్పు నీళ్లలో నానిన శనగల తొక్క మెత్తగా ఉంటుంది, పగలదు. బోరు నీళ్లతో వండితే పప్పు ఉడకకపోవడం వెనకున్నదీ ఇదే సంగతి. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్లు వాడితే అదే పప్పు రెండు విజిల్స్ ముందే దిగుతుంది.

వంట సోడా కూడా పెక్టిన్‌ని కరిగిస్తుంది, ఉప్పుకన్నా చాలా వేగంగా. కప్పు శనగలకి పావు చెంచా సోడా నానబెట్టే నీళ్లలో వేసి, ఉడికించేముందు ఆ నీళ్లు పారబోసి కడిగేస్తే సిమ్‌లో పది నిమిషాలు చాలు. శనగల్ని వెన్నలా రుబ్బాలనుకున్నప్పుడు నేనూ వాడతాను. రోజూ వాడను. ఏమాత్రం ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది, గింజ రూపం పోతుంది, సోడా వల్ల పప్పులోని థయమిన్ అనే విటమిన్ కూడా తగ్గుతుంది.

రాత్రి నానబెట్టడం మర్చిపోతే ఒక దారి ఉంది. శనగలు మునిగేలా నీళ్లు పోసి రెండు నిమిషాలు తెర్లనిచ్చి, స్టవ్ ఆపి మూత పెట్టి గంటసేపు వదిలేయాలి. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో కుక్కర్‌లో పెడితే రాత్రంతా నానినవాటికన్నా ఐదారు నిమిషాలే ఎక్కువ పడుతుంది. తొక్కలు కొన్ని పగులుతాయి, అయినా నానబెట్టకుండా వండడం కన్నా ఇది ఎంతో నయం.

అన్నీ సరిగ్గా చేసినా ఉడకని పప్పు కొన్నిసార్లు ఎదురవుతుంది. మొదట అనుమానించాల్సింది పులుపుని. చింతపండు, టమాటా, మామిడికాయ ముందే వేస్తే ఆ పులుపు వల్ల పెక్టిన్ కరగదు. పెసరపప్పుకి టమాటా కలిపి పెట్టినా ఏదోలా దిగుతుంది, కందిపప్పుకి రెండు విజిల్స్ ఎక్కువ పడతాయి, శనగలైతే గంటసేపు ఉంచినా పంటికి తగులుతాయి. పులుపుని పప్పు మెత్తబడ్డాక వేయడమే పద్ధతి. పులుపు లేకపోయినా గట్టిగా ఉందంటే పప్పు పాతదై ఉంటుంది. వేడిగా, తేమగా ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉన్న గింజల్లో లోపలి నిర్మాణమే మారి గట్టిపడుతుంది. అలాంటివి బాగా నానినట్టే కనిపిస్తాయి, ఉడకడం మాత్రం ఆలస్యమవుతుంది. వాటికి సోడా ఒక్కటే మందు. ఇంకో రకం గింజలు అసలు నీళ్లే తాగవు. ఉదయం నీళ్లు వంచేటప్పుడు చిన్నగా, రాత్రి ఉన్నట్టే గట్టిగా కనిపించేవి అవే. వాటిని ఏరి పారేయాలి. ఎన్ని విజిల్స్ వచ్చినా మారవు.

కుక్కర్‌లో ఎంత నింపామన్నది కూడా విజిల్ లెక్కని మార్చేస్తుంది. పప్పులు ఉడికేటప్పుడు నురగ లేస్తుంది. అది ఆవిరి గొట్టంలోకి చేరితే విజిల్ రాకుండా పసుపు నీళ్లు చిమ్ముతాయి, గొట్టం మూసుకుపోతే అపాయం కూడా. పప్పు, నీళ్లు కలిపి కుక్కర్‌లో సగానికి మించకూడదు, మూడో వంతు దగ్గర ఆపితే ఇంకా మంచిది. అర చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. కుక్కర్‌లో గిన్నె పెట్టి పప్పు వండేవాళ్లు పైన చెప్పిన లెక్కకి రెండు విజిల్స్ కలుపుకోవాలి. ఆ గిన్నెలోకి వేడి చేరడానికి సమయం పడుతుంది మరి. అన్నం, పప్పు ఒకేసారి పెట్టేటప్పుడు కందిపప్పుని నానబెట్టడం నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. నానని పప్పు కోసం ఆగితే అన్నం ముద్దవుతుంది, నానితే రెండూ ఒకేసారి దిగుతాయి.

మూత తీశాక ఒక్క గింజ నొక్కి చూసి తీర్పు ఇవ్వకండి. పైనుంచి రెండు, అడుగునుంచి రెండు, మధ్యనుంచి ఒకటి తీసి కొరికి చూడండి. ఐదిట్లో ఒక్కటి పలుకుగా ఉన్నా మళ్లీ మూత పెట్టి, శనగలకైతే సిమ్‌లో ఐదు నిమిషాలు, పప్పుకైతే ఒక విజిల్ ఇవ్వాలి. నీళ్లు తగ్గి ఉంటే చల్లటివి కాకుండా మరిగే నీళ్లు పోయండి. చల్లటి నీళ్లు పోస్తే అంతా మళ్లీ వేడెక్కేదాకా విజిల్ రాదు, ఆలోపు మెత్తబడ్డ గింజలు ఇంకా చిదికిపోతాయి.

నేనిప్పుడు శనగలు ఒక్కరోజుకి సరిపడా నానబెట్టడం మానేశాను. ఒకేసారి అరకిలో నానబెట్టి, నీళ్లు బాగా వంచి, ఒక్కో కప్పు చొప్పున కవర్లలో ఫ్రీజర్‌లో పెడతాను. అవి నెలరోజులు బాగానే ఉంటాయి. కరగనివ్వకుండా నేరుగా కుక్కర్‌లో వేసి, మొదటి విజిల్ రావడానికి కొంచెం ఎక్కువసేపు ఆగి, తర్వాత అదే 15 నిమిషాలు సిమ్‌లో ఉంచితే సరిపోతుంది.